సైకిల్ క్రాంక్ ఊడదీయడం: పుల్లర్‌తో, థ్రెడ్ పోకుండా ఎలా చేయాలి

సైకిల్ తొక్కుతుంటే ఎడమ కాలు కిందకి నొక్కినప్పుడల్లా టక్ టక్ అని సౌండ్ వస్తోందా, పెడల్ బిగించి చూసినా పోలేదా, అయితే చాలాసార్లు అది పెడల్ తగిలించే కడ్డీ, అంటే క్రాంక్, ఇరుసు మీద కూర్చునే చోట నుంచో, లోపల ఆ ఇరుసు తిరిగే బీబీ బేరింగ్ నుంచో వచ్చేదే. రెండిట్లో ఏదైనా సరే, చూడాలంటే ముందు క్రాంక్ బయటికి రావాలి. ఆ పనికి క్రాంక్ పుల్లర్ అని ఒక చిన్న టూల్ ఉంది, అరచేతిలో పట్టేంత ఉంటుంది, పెద్ద ఖరీదు కూడా కాదు. దాన్ని సరిగ్గా వాడితే పది నిమిషాల పని, ఒక్క చోట తొందరపడితే మాత్రం క్రాంక్ పనికిరాకుండా పోతుంది. ఆ ఒక్క చోటు ఏంటో, అక్కడ ఏం చూసుకోవాలో వివరంగా రాస్తున్నా.

ముందు మీ సైకిల్‌కి ఈ టూల్ అవసరమా కాదా చూసుకోండి. పాత నల్ల సైకిళ్ళు, పాలవాళ్ళు పేపర్ వాళ్ళు తొక్కేవి, వాటి క్రాంక్‌కి అడ్డంగా ఒక కాటర్ పిన్ ఉంటుంది, నట్టు తీసి ఆ పిన్ను కొడితే వచ్చేస్తుంది, వాటికి పుల్లర్ పని లేదు. చిన్నపిల్లల సైకిళ్ళలో రెండు క్రాంకులూ ఇరుసూ కలిపి ఒకే వంచిన కడ్డీలా ఉంటాయి, వాటికీ వద్దు. కొత్త ఖరీదైన గేర్ సైకిళ్ళలో ఎడమ క్రాంక్ మీద పక్కపక్కనే రెండు చిన్న అలెన్ బోల్టులు కనిపిస్తే అది లావు గొట్టం ఇరుసు రకం, ఆ రెండూ వదులు చేసి ప్లాస్టిక్ మూత తిప్పేస్తే చేత్తోనే వస్తుంది. మిగిలింది మన దగ్గర మామూలు గేర్ సైకిళ్ళలో ఎక్కువగా ఉండేది, నాలుగు పలకల ఇరుసు. క్రాంక్ మధ్యలో ఒకే ఒక బోల్టు, అది తీసి లోపలికి చూస్తే చతురస్రంగా ఇరుసు కొస కనిపిస్తుంది. ఈ రాతంతా దాని గురించే.

ఈ ఇరుసు పలకలు బయటి వైపుకి కొంచెం కొంచెంగా సన్నబడతాయి, ఒక్కో పలక 2 డిగ్రీల వాలు. బోల్టు బిగించే కొద్దీ క్రాంక్ ఆ వాలు మీదకి ఎక్కి మేకులా దిగబడిపోతుంది, అందుకే బోల్టు మొత్తం తీసేసినా క్రాంక్ కదలదు, చేత్తో ఎంత లాగినా రాదు. చాలా షాపుల్లో ఇక్కడే సుత్తి తీస్తారు, వెనక నుంచి క్రాంక్‌ని కొడతారు. వస్తుంది, కాదనను, కానీ ఆ దెబ్బలన్నీ ఇరుసు మీదుగా బేరింగ్ గోళీలకి తగులుతాయి, గోళీలు తిరిగే దారిలో చిన్న చిన్న గుంటలు పడతాయి, క్రాంక్ అల్యూమినియం కాబట్టి అది కూడా సొట్ట పోతుంది. పుల్లర్ చేసేది వేరు. దాని బయటి భాగం క్రాంక్ థ్రెడ్‌లోకి ఎక్కుతుంది, మధ్యలో ఉన్న స్క్రూ ఇరుసు కొసని తోస్తుంది, ఇరుసు ఎటూ పోదు కాబట్టి క్రాంకే బయటికి జరుగుతుంది. అంటే మొత్తం బలం క్రాంక్‌లో ఉన్న ఆ అల్యూమినియం థ్రెడ్ మీదే పడుతుంది. టూల్ ఉక్కు, థ్రెడ్ అల్యూమినియం, ఏది ముందు పోతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి చెప్పే ప్రతి స్టెప్పూ ఆ థ్రెడ్‌ని కాపాడుకోవడానికే.

పుల్లర్ కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. బయటి థ్రెడ్ 22 ఎంఎం, దాదాపు అన్ని క్రాంకులకీ అదే. తేడా వచ్చేది లోపలి స్క్రూ కొస దగ్గర. నాలుగు పలకల ఇరుసుకి సన్న కొస కావాలి, గాళ్ళు ఉన్న గుండ్రటి ఇరుసు రకానికి లావు కొస కావాలి. లావు కొస టూల్‌ని పలకల ఇరుసుకి వాడితే అది ఆ చతురస్రపు రంధ్రంలో పట్టదు, ఇరుసుని తోయకుండా క్రాంక్‌నే నొక్కుతుంది, మీరు ఎంత తిప్పినా థ్రెడ్ పోవడం తప్ప ఏం జరగదు. అలాగే సన్న కొసని గాళ్ళ ఇరుసుకి వాడితే అది బోల్టు రంధ్రంలోకి దూరిపోయి లోపలి థ్రెడ్‌ని పాడు చేస్తుంది. కొన్ని పుల్లర్లతో పాటు ఒక చిన్న బిళ్ళ లాంటిది ఇస్తారు, కొసకి తగిలించుకోవడానికి, అది గాళ్ళ రకానికి, మన పనికి తీసేయాలి.

పుల్లర్ కాక ఇంకా కావాల్సినవి, బోల్టుకి సరిపోయే 8 ఎంఎం అలెన్ కీ, లేదా తల ఆరు పలకలుగా ఉంటే 14 ఎంఎం సాకెట్, టూల్ తిప్పడానికి ఒక అడ్జస్టబుల్ పానా, పాత టూత్‌బ్రష్, కొంచెం కిరోసిన్, గ్రీజు, గుడ్డ, ఒక టార్చ్. టార్చ్ ఎందుకో కింద తెలుస్తుంది.

మొన్న వానల తర్వాత మా అన్నయ్య కొడుకు సైకిల్ చేశాను, విజయవాడలో రోజూ కాలేజీకి తొక్కేది, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా క్రాంక్ ఊడదీయలేదు. దాన్నే పట్టుకుని చెప్తా, ఎందుకంటే ఎడమది తేలిగ్గా వచ్చింది, కుడిది మొరాయించింది, రెండూ చూసినట్టు ఉంటుంది.

చైన్‌ని ముందు పెద్ద పళ్ళ చక్రం మీదకి వేసుకోండి. పానా జారితే చెయ్యి నేరుగా ఆ పళ్ళ మీదకే పోతుంది, చైన్ కప్పి ఉంటే తోలు ఊడిపోకుండా ఉంటుంది. తర్వాత బోల్టు మీద ప్లాస్టిక్ మూత ఉంటే సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపండి. లేపేటప్పుడు స్క్రూడ్రైవర్‌ని లోపలి థ్రెడ్‌కి ఆనించి ఎగదన్నొద్దు, మొదటి వరస అక్కడే గీసుకుపోతుంది.

బోల్టు విప్పడం. రెండు వైపులా మామూలు థ్రెడ్డే, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడల్ ఉల్టా థ్రెడ్ కదా, క్రాంక్ బోల్టు కూడా అంతే అనుకుని చాలామంది ఎడమ బోల్టుని ఇంకా బిగించేస్తారు. అది పెడల్‌కి మాత్రమే. ఇంకోటి, ఎడమ బోల్టు విప్పేటప్పుడు క్రాంక్ ముందుకి తిరగాలని చూస్తుంది, వెనక బ్రేక్ పట్టుకుంటే ఆగుతుంది. కుడి బోల్టు విప్పేటప్పుడు క్రాంక్ వెనక్కి తిరుగుతుంది, ఫ్రీవీల్ వల్ల బ్రేక్ పట్టినా ఆగదు, కాబట్టి ఎదురు పెడల్‌ని ఎవరినైనా పట్టుకోమనండి. ఒక్కళ్ళే ఉంటే కీ కర్రని క్రాంక్‌కి దగ్గరగా వచ్చేలా పెట్టి, రెండిట్నీ కలిపి గుప్పిట బిగించినట్టు ఒకదాని వైపు ఒకటి నొక్కండి, అప్పుడు క్రాంక్ తిరగదు, బలం అంతా బోల్టుకే పోతుంది. అలెన్ కీ పూర్తిగా లోపలికి దిగిందా చూసుకోండి, బోల్టు తలలో మట్టి గడ్డకట్టి ఉంటే పైపైన పట్టి జారుతుంది, సూదితో గీకి తీసేశాకే బలం పెట్టండి.

బోల్టు వచ్చాక ఆగండి. ఇదే ఆ చోటు. చాలా బోల్టుల కింద ఒక వాషర్ ఉంటుంది, కొన్నిట్లో బోల్టుతో పాటే వస్తుంది, కొన్నిట్లో తుప్పుతోనో గ్రీజుతోనో క్రాంక్‌కి అతుక్కుని లోపలే ఉండిపోతుంది, నల్లగా మురికి పట్టి ఉంటుంది కాబట్టి క్రాంక్‌లో భాగంలానే కనిపిస్తుంది. దాన్ని వదిలేసి పుల్లర్ ఎక్కిస్తే స్క్రూ కొస వాషర్‌ని నొక్కుతుంది, వాషర్ క్రాంక్‌ని నొక్కుతుంది, మళ్ళీ క్రాంక్‌ని క్రాంక్‌తోనే తోస్తున్నట్టు. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో సరిగ్గా ఇలాగే ఒక క్రాంక్ పోగొట్టుకున్నా, బిగుతుగా ఉంది కదా తుప్పేమో అనుకుని పెద్ద పానా పెట్టి తిప్పా, టూల్ మొత్తం వెండి రంగు చుట్టతో సహా చేతిలోకి ఊడి వచ్చింది, ఆ చుట్ట క్రాంక్ థ్రెడ్. అప్పుడు టార్చ్ వేసి చూస్తే వాషర్ లోపలే ఉంది. అందుకే టార్చ్. లోపలికి వేసి చూస్తే మీకు చతురస్రపు ఇరుసు కొస నాలుగు మూలలతో స్పష్టంగా కనపడాలి. గుండ్రంగా రింగ్ కనిపిస్తే వాషర్ ఇంకా ఉన్నట్టే, స్క్రూడ్రైవర్ మొనతో కదిలించి, అయస్కాంతం ఉంటే దానితో లాగండి.

ఇప్పుడు థ్రెడ్ కడగండి. టూత్‌బ్రష్‌ని కిరోసిన్‌లో ముంచి ఆ రంధ్రం చుట్టూ తిప్పితే నల్లటి ఇసుక పేస్టులా వస్తుంది, గుడ్డతో తుడవండి, మళ్ళీ చేయండి, వరసలు తెల్లగా మెరిసే దాకా. మావాడి సైకిల్‌కి మూడుసార్లు చేయాల్సి వచ్చింది, కుడి వైపు ఇంకా ఎక్కువ, చైన్ నూనె అంతా అక్కడే చేరుతుంది. ఇసుక ఉన్న థ్రెడ్‌లో టూల్ తిప్పితే మొదట్లోనే బిగుతు వస్తుంది, అది ఇసుక బిగుతో వంకర బిగుతో మీకు తేడా తెలియదు.

పుల్లర్ ఎక్కించే ముందు లోపలి స్క్రూని పూర్తిగా వెనక్కి తిప్పండి, కొస బయటి భాగం లోపలికి వెళ్ళిపోయేదాకా. అలా చేయకపోతే టూల్ సగం ఎక్కగానే కొస ఇరుసుకి తగిలి ఆగిపోతుంది, పూర్తిగా ఎక్కింది అనుకుంటారు, నిజానికి మూడు వరసలే పట్టుకుని ఉంటుంది. ఆ మూడు వరసలు ఆ బలానికి తట్టుకోలేవు. టూల్ థ్రెడ్‌కి కొంచెం గ్రీజు రాసి, వేళ్ళతో మాత్రమే ఎక్కించండి, పానా ఇప్పుడే వద్దు. మొదట ఉల్టా తిప్పితే ఒక చోట చిన్నగా టిక్ అని దిగినట్టు తెలుస్తుంది, అదే థ్రెడ్ మొదలు, అక్కడి నుంచి ముందుకి తిప్పండి. ఈ థ్రెడ్‌లో ఒక్కో చుట్టుకి 1 ఎంఎం లోపలికి పోతుంది, కాబట్టి చుట్లు లెక్కపెడితే ఎంత లోతు ఎక్కిందో మీకే తెలుస్తుంది. వేళ్ళతోనే ఆరేడు చుట్లు హాయిగా రావాలి. ఒకటి రెండు చుట్లలోనే బిగుసుకుపోయి, పక్క నుంచి చూస్తే టూల్ ఒరిగినట్టు ఉంటే వంకరగా ఎక్కింది, వెంటనే తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి, బలవంతం చేయొద్దు. చివరి దాకా వెళ్ళాక బయటి భాగాన్ని పానాతో కొద్దిగా, చేయి ఆనినంత మాత్రమే బిగించండి.

ఇక లోపలి స్క్రూ. గడియారం ముల్లు వైపు తిప్పుతూ పోతే కాసేపు ఖాళీగా తిరుగుతుంది, తర్వాత కొస ఇరుసుకి తగిలి ఆగుతుంది. అక్కడి నుంచి పానాతో. ఇక్కడా అదే పద్ధతి, పానా కర్రా క్రాంకూ దగ్గరగా పెట్టుకుని రెండిట్నీ ఒకదాని వైపు ఒకటి నొక్కడం, పావు చుట్టు, మళ్ళీ పానా మార్చి పావు చుట్టు. బిగుతు పెరుగుతుంది, ఒక చోట కిర్రుమనో టప్పుమనో శబ్దం వచ్చి ఒక్కసారిగా తేలికైపోతుంది. అది వినగానే భయపడొద్దు, క్రాంక్ వాలు మీద నుంచి జారింది అంతే. రెండో చేయి క్రాంక్ కింద పెట్టి ఉంచండి, కాలి మీద పడుతుంది. మావాడి ఎడమ క్రాంక్ ఇరుసు తగిలాక ఒక చుట్టు లోపే వచ్చేసింది.

కుడిది రాలేదు. తగిలాక అర చుట్టు తిప్పా, పానా ఇక కదలనంది. ఇలాంటప్పుడు చూడాల్సింది పానా వైపు కాదు, క్రాంక్ వెనక్కి. క్రాంక్‌కీ బీబీ కప్పుకీ మధ్య సందు ఎంత ఉందో ముందే చూసి పెట్టుకోండి, నేను ఒక గట్టి అట్టముక్కని ఆ సందులో పట్టేంత మందంగా మడిచి పెట్టుకుంటా. స్క్రూ తిరుగుతోంది, అట్టముక్క వదులవుతోంది అంటే క్రాంక్ వస్తోంది. స్క్రూ తిరుగుతోంది, సందు మారడం లేదు, టూల్ అంచు దగ్గర వెండి పొడి రాలుతోంది లేదా టూల్ ఒక పక్కకి ఒరుగుతోంది అంటే థ్రెడ్ చిరుగుతోంది, అక్కడే ఆపేయాలి, ఇంకో పావు చుట్టు చూద్దాం అనే మాటే వద్దు. నా దగ్గర పొడి రాలడం లేదు, ఒరగడం లేదు, సందు కూడా మారలేదు, అంటే థ్రెడ్ బాగానే పట్టింది, క్రాంకే ఇరుసుకి పట్టేసింది. ఉక్కు ఇరుసు, అల్యూమినియం క్రాంక్, మధ్యలో నాలుగేళ్ళ వాన నీళ్ళు, తుప్పు రెండిట్నీ అతికించేసింది.

అప్పుడు చేసింది ఇది. టూల్‌ని ఆ బిగుతులోనే వదిలేసి, తుప్పు వదిలించే స్ప్రేని క్రాంక్ వెనక, ఇరుసు లోపలికి దూరే చోట చుట్టూ కొట్టా, నూనె లోపలికి పాకేలా సైకిల్‌ని పక్కకి పడుకోబెట్టా. ఇరవై నిమిషాల తర్వాత క్రాంక్ మొదట్లో, ఇరుసు చుట్టూ లావుగా ఉన్న చోట, చెక్కముక్క ఆనించి సుత్తితో చిన్నగా నాలుగైదు తట్లు, గట్టి దెబ్బలు కాదు, తలుపు తట్టినంత. టూల్ లాగి పట్టుకుని ఉంది కాబట్టి ఆ అదురుకే తుప్పు పట్టు వదలాలి. అయినా రాలేదు. మళ్ళీ స్ప్రే కొట్టి, టూల్ కొంచెం వదులు చేసి రాత్రంతా ఉంచేశా. పొద్దున్నే టూల్ బయటి భాగం వదులైందేమో చూసి బిగించి, స్క్రూ తిప్పితే పావు చుట్టుకే టప్ మని తుపాకీ పేలినట్టు శబ్దం, క్రాంక్ చేతిలోకి వచ్చేసింది. లోపల నాలుగు పలకల మీదా ఎర్రటి పొడి, గోరుతో గీస్తే ఊడొస్తోంది.

ఒకవేళ మీ క్రాంక్ థ్రెడ్ ఇప్పటికే పోయి ఉంటే, రెండు కాళ్ళ బేరింగ్ పుల్లర్ అని ఆటో మెకానిక్‌ల దగ్గర ఉంటుంది, దాని గోళ్ళు క్రాంక్ వెనక పట్టించి మధ్య స్క్రూతో ఇరుసుని తోయొచ్చు, ఎడమ క్రాంక్‌కి బాగా కుదురుతుంది. కుడి వైపు గోళ్ళు పళ్ళ చక్రాన్ని పట్టుకోకుండా చూడాలి, వంగిపోతుంది. బోల్టు తీసేసి అలాగే తొక్కితే దానంతట అదే వదులైపోతుంది అని కొందరు చెప్తారు, అది నిజమే, కానీ వదులైన క్రాంక్ మీద తొక్కితే చతురస్రపు రంధ్రం అరిగి గుండ్రమైపోతుంది, పైగా రోడ్డు మీద ఊడి పడితే మనిషి కింద పడతాడు. పారేసే క్రాంక్ అయినా సరే, నేనైతే రంపంతో కోయమంటాను కానీ అలా తొక్కమనను.

ఊడదీశాక ఆ రంధ్రం లోపల చూడండి, టక్ టక్‌కి కారణం చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. నాలుగు పలకలూ ఒకే తీరుగా, మెరుపు లేకుండా ఉంటే క్రాంక్ మంచిదే. మూలలు గుండ్రంగా అరిగి, ఒక పక్క మాత్రం అద్దంలా మెరుస్తుంటే ఆ క్రాంక్ వదులుగా తొక్కారు, ఎంత బిగించినా మళ్ళీ వదులవుతుంది, అది మార్చాల్సిందే. మావాడి ఎడమది అలా లేదు, పలకల మీద నల్ల పొడి మాత్రమే ఉంది, బోల్టు కొంచెం వదులై రాసుకుంటూ ఉన్నట్టు.

మళ్ళీ ఎక్కించేటప్పుడు ఇరుసు పలకలు, క్రాంక్ రంధ్రం పొడిగుడ్డతో తుడిచి, రెండు క్రాంకులూ ఎదురెదురుగా ఉండేలా పెట్టి, వాషర్ మర్చిపోకుండా, బోల్టు థ్రెడ్‌కి గ్రీజు రాసి బిగించండి. బిగుతు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు కావాలి. టార్క్ రెంచ్ లేకపోతే, 20 సెంటీమీటర్ల పొడుగున్న కర్ర చివర 18 నుంచి 20 కేజీల బరువు వేలాడదీసినంత బలం అనుకోండి, అంటే చిన్న అలెన్ కీతో మణికట్టు బలంతో వచ్చేది కాదు, ఒక గొట్టం తొడగాలి. ఓ పది కిలోమీటర్లు తొక్కాక బోల్టు ఒకసారి చూడండి, వదులైతే అదే బిగుతుకి తెండి. వదులు కాకపోతే ముట్టుకోవద్దు, ఊరికే వారం వారం బిగిస్తూ పోతే క్రాంక్ వాలు మీద ఇంకా పైకి ఎక్కి రంధ్రం సాగిపోతుంది. మావాడిది ఎడమ బోల్టు ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది, కుడిది కదల్లేదు, టక్ టక్ ఆగిపోయింది.